గార్లదిన్నె దాటినాక

చి. శీనుకు,

నాయన ఆశీర్వాదాలు. ఇక్కడ అందరం బాగున్నాము. నువ్వూ అక్కడ బాగున్నావని తలుస్తాను.

ఖాజా చిన్న కొడుకు శుక్రవారం బెంగళూరులో కువైట్ విమానం ఎక్కుతున్నాడు. సంచిలో రెండు కిలోల చోటు ఉంది, ఏమైనా ఇస్తే తెస్తానన్నాడు. ఆ మాట విన్నప్పటి నుంచి మీ అమ్మ పొయ్యి దగ్గర్నుంచి లేవలేదు. పప్పుల పొడి ఒక పొట్లం, ఎర్రకారం ఒక పొట్లం, నిమ్మకాయ ఊరగాయ చిన్న సీసా. సీసా కారుతుందని మూడు కవర్లు చుట్టి, మీద దారం కట్టి, ఆ మీద నీ పాత లుంగీ ముక్క చుట్టింది. అన్నీ కలిపి రెండు కిలోల మూడు వందలు వచ్చింది. మూడు వందలు తగ్గించమంటే పొడి తియ్యదు, కారం తియ్యదు, "మీ ఉత్తరం పెట్టకండి, తగ్గుతుంది" అంటుంది. అందుకే పలచ కాగితాల మీద రాస్తున్నాను, అక్షరాలు అవతల పక్కకు కనపడితే ఏమనుకోవద్దు.

ఫోను ఉండగా ఉత్తరమెందుకని నవ్వుకుంటావేమో. నేను పంపించినవి ఒక్క టిక్కు పడి ఆగిపోతున్నాయి. బుజ్జోడిని అడిగితే, "ఒక టిక్కు అంటే తాతా, మన కాడ్నుంచి పోయింది, నాన్న కాడికి చేరలేదు" అని చెప్పినాడు. ఫోను పాడైందో, సిమ్ము మార్చినావో, ఛార్జీ వేయించలేదో, నాకైతే పెద్ద ఆలోచన ఏమీ లేదు. మీ అమ్మే కేలెండరు మీద పెన్సిలుతో గీతలు పెడుతోంది. నిన్నటికి పదహారు.

బోరులో నీళ్ళు మళ్ళీ తగ్గినాయి. రెండు బిందెలు పట్టగానే గాలి కక్కుతోంది. నాగమణి వాళ్ళ అన్న పెండ్లికి పోయి వచ్చింది, బుజ్జోడికి అక్కడ వడదెబ్బ కొట్టినంత పనైంది, ఇప్పుడు నయం. ఎండ సంగతి చెప్పాల్సిన పని లేదు. అరుగు మీద బండ పొద్దుగూకినాక కూడా కాలుతోంది. పెన్నలో ఇసుక తప్ప ఏమీ లేదు. చేలన్నీ బుడ్డలు పీకినప్పటి నుంచి ఖాళీగా పడున్నాయి. గొర్రెల మంద నడిచిపోతే వెనక దుమ్ము అరగంట లేచే ఉంటుంది. మొన్న సాయంత్రం రొంత గాలి వచ్చింది. మన వేపచెట్టు పెద్ద కొమ్మ బాత్రూము రేకుల మీద పడింది. ఎవరికీ ఏమీ కాలేదు.

ఆ కొమ్మ కొట్టించేదానికి మనిషి కోసం పోతే టీ అంగడి కాడ రామాంజి మామ కనపడినాడు. ఆయన సంగతి నీకు తెలుసు కదా, చినుకు పడితే చెరువు తెగిందంటాడు. "బావా, కువైట్‌లో దుమ్ము లేచి పగలే చీకటైందంట, ఎడారి రోడ్డు మీద కూలోళ్ళ బస్సు ట్యాంకరును గుద్దిందంట" అన్నాడు. యాడ అంటే తెలీదు, ఎప్పుడంటే తెలీదు. తోడల్లుడు పంపిన వీడియో చూపించినాడు. బుజ్జోడు దాన్ని చూసి అది మూడేళ్ళ కిందటిదని, ఆ దేశమే కాదని తేల్చినాడు. నేనూ నమ్మలేదు. ఇంట్లో చెప్పలేదు కూడా. మీ అమ్మకు ఎట్లా తెలిసిందో, రాత్రి అన్నం దగ్గర "దుమ్ము అంటే వానికి చిన్నప్పుడే ఆయాసం వచ్చేది" అని మాత్రం అని ఊరుకుంది. అందుకే ఈ ఉత్తరంలో దుమ్ము సంగతి రొంత రాస్తాను. నువ్వు పన్నెండేళ్ళ నుంచి బస్సు తోలుతున్నావు, నేను నేర్పించేదేముంది. అయినా నేను ముప్పై ఒక్క సంవత్సరాలు స్టీరింగు పట్టినవాణ్ణి, చదువు.

1997 మే నెల నీకు జ్ఞాపకముండదు. నాలుగో తరగతి అయిపోయి సెలవులు. నేను అనంతపురం నుంచి గుత్తికి ఆర్డినరీ బండి తోలుతున్నాను. మధ్యాహ్నం మూడున్నరకు బస్టాండులో కదిలినాము. కండక్టరు కంబగిరి. సీట్లన్నీ నిండి పది మంది నిలబడి ఉన్నారు. డ్రైవరు సీటు వెనక ఒక పెద్దాయన, మీసాలు తెల్లగా, చొక్కా గుండీ పైదాకా పెట్టుకుని. మిలిటరీలో బండ్లు తోలి పింఛనుకు వచ్చినాయన, పామిడిలో దిగాల. మూడో వరసలో మూడు నెలల బిడ్డతో ఒక పిల్ల, పుట్టింటి నుంచి పోతోంది. పామిడి గుడ్డల వ్యాపారి ఒకాయన తువ్వాళ్ళ మూటను కాళ్ళ కింద పెట్టుకుని కూర్చున్నాడు. ఎవరు తగిలినా "మూట, మూట" అంటున్నాడు. వెనక సీట్లో మామిడిపండ్ల గంపతో ఒక అవ్వ. ఫుట్‌బోర్డు మీద ఒక పిలగాడు. తెల్లారి గుత్తిలో ఏదో పరీక్ష ఉందంట, చేతిలో గైడు మూయకుండా చదువుతున్నాడు.

అప్పుడు రోడ్డు ఇప్పటి మాదిరి కాదు. ఇప్పుడు 44 అంటున్నారు, నాలుగు వరసలు, మధ్యలో గన్నేరు చెట్లు. అప్పుడది ఏడో నెంబరు. పోయే బండికి ఒక వరస, వచ్చే బండికి ఒక వరస, రెండు పక్కలా చింతచెట్లు. తారు అంచు దిగితే జానెడు లోతున మట్టి.

గార్లదిన్నె దాటేవరకు పడమటి నుంచి వేడిగాలి ముఖానికి కొడుతూనే ఉంది. దాటినాక ఉన్నట్టుండి గాలి నిలిచిపోయింది. చింతాకు కదలలేదు. స్టీరింగు మీద నా చేతులు చెమటతో జారినాయి. ఎడమ పక్క మబ్బు నల్లగా కమ్ముకొని ఉంది. దాని కిందనుంచి వాన దారాలు దిగుతున్నట్టు కనపడుతున్నాయి గానీ, నేలదాకా రాకుండా మధ్యలోనే మాయమైపోతున్నాయి. దాని గుర్తు నాకు అప్పుడు తెలీదు. చాలా రోజుల తరవాత మన హైస్కూలు సైన్సు సారు చెప్పినాడు. మన ఎండకాలం గాలి పొడిగా ఉంటుంది కదా, పైనుంచి పడే చినుకు సగం దారిలోనే ఆవిరైపోతుందంట. కుండలో నీళ్ళు చెమరించి చల్లబడినట్టే, ఆ చినుకు ఆవిరై చుట్టూ ఉన్న గాలిని చల్లబరుస్తుంది. చల్లగాలి బరువు. ఆ బరువుకు పైనుంచి దబ్బున కిందికి పడుతుంది. నీళ్ళ బిందె బండ మీద బోర్లిస్తే నీళ్ళు నాలుగు పక్కలా ఎట్లా పారుతాయో, ఆ గాలి నేలను తాకి అట్లా పారుతుంది. దాని ముందు ఖాళీ చేలుంటే ఉన్న మన్నంతా లేపుకొని వస్తుంది. అందుకే మబ్బు ఇంకా దూరంగా ఉండగానే దుమ్ము మన మీదికి వచ్చేస్తుంది.

నేను చూసేసరికి అది గోడ మాదిరి ఉంది. ఎర్రమట్టి గోడ, తాటిచెట్టు మీద తాటిచెట్టు నిలబెట్టినంత ఎత్తు, ఆ చివర నుంచి ఈ చివర దాకా. పైన పొంగుతా, కింద దొర్లుతా వస్తోంది. గోడ వచ్చే ముందు ఒక్క నిమిషం చల్లగాలి తగిలింది. బస్సులో జనం "అబ్బ" అన్నారు. పెద్దాయన ఒక్కడే లేచి నిలబడినాడు.

నేను చేసిన తప్పు ఇదే, దాచకుండా చెబుతాను. పామిడి పది కిలోమీటర్లు కూడా ఉండదు, రొంత తొక్కితే చేరుకుంటాం కదా అనుకున్నాను. తొక్కినాను. గాలి తగిలినప్పుడే బండి పక్కకు తీసి నిలపాల్సింది. గోడ కనపడింది, రోడ్డు కనపడుతోంది, రెండూ కనపడే ఆ రెండు నిమిషాలే డ్రైవరు చేతిలో ఉండేది. వాటిని నేను స్పీడు కింద ఖర్చు పెట్టినాను.

మీద పడింది. మొదట ఎరుపు, ఆ వెంటనే మట్టి రంగు, తరవాత చీకటి. హెడ్‌లైట్లు వేస్తే వెలుతురు ముందుకు పోలేదు, దుమ్ముకు తగిలి నా కండ్లలోకే తిరిగి కొట్టింది. బానెట్టు కూడా కనపడలేదు. గాలికి బండి పక్కకు జరుగుతుంటే స్టీరింగులో తెలుస్తోంది. పదికి తెచ్చినాను. అప్పుడు ముందర రెండు ఎర్ర చుక్కలు కనపడినాయి. లారీ వెనక లైట్లు. ఎంత ధైర్యం వచ్చిందో చెప్పలేను. ఎవడో పోతున్నాడు, వాడికి రోడ్డు కనపడుతోంది, వాని వెనకే పోదామని వాటి మీదే చూపు పెట్టినాను. చుక్కలు పెద్దవైనాయి. ఇంకా పెద్దవైనాయి. లారీ పోవడం లేదు, నిలిచి ఉంది. బ్రేకు మీద లేచి నిలబడినాను. ఆగినాక చూస్తే లారీ డాలాకు నా అద్దానికి మధ్య మూరెడు.

నిలబడినవాళ్ళంతా ఒకరి మీద ఒకరు పడినారు. గంపలో పండ్లు దొర్లినాయి. బిడ్డ గుక్కపట్టింది. పెద్దాయన నా భుజం మీద చెయ్యి వేసి మెల్లగా, "డ్రైవరూ, మనం తారు మీద ఉన్నాం. రోడ్డు దిగు" అన్నాడు.

దిగడానికి అంచు కనపడాలి కదా. కంబగిరి వాకిలి పట్టుకొని వేలాడి, కాలితో నేల తడుముతా, రేకు మీద చేత్తో కొట్టి చెప్పినాడు. ఒక దెబ్బకు ఎడమకు, రెండు దెబ్బలకు ఆపు. అట్లా ఇంచి ఇంచి జరిపి, జానెడు కిందికి దించి మట్టిలో నిలబెట్టినాను. నాలుగు చక్రాలూ తారు వదిలినాయని కంబగిరి చేత్తో తడిమి చూసి చెప్పేదాకా ఇంజను ఆపలేదు. చెట్టు కింద పడినామేమోనని అడిగితే పైకి చెయ్యి చాపి, కొమ్మ తగల్లేదన్నాడు.

అప్పుడు పెద్దాయన, "ఇప్పుడు లైట్లు ఆర్పు. లోపలివీ ఆర్పు. హ్యాండు బ్రేకు వెయ్యి, గేరులో పెట్టు, బ్రేకు మీదనుంచి కాలు తియ్యి" అన్నాడు.

నాకు ఒళ్ళు మండింది. అరవై మంది ఉన్న బండి, చీకట్లో లైట్లు ఆర్పితే వెనకవాడు గుద్దడా అన్నాను. ఆయన నవ్వలేదు, కోప్పడలేదు. "ఇంతకు ముందు నువ్వేం చేసినావు? ఎర్ర లైటు కనపడగానే రోడ్డు ఆడే ఉందనుకోలేదా? వెనక వచ్చేవాడూ మనిషే కదా. నీ లైటు చూసి రోడ్డు దిగి నీ మీదికే వస్తాడు. బ్రేకు మీద కాలు పెట్టినా ఎర్ర లైటు వెలుగుతుంది, అందుకే కాలు తియ్యమన్నది" అన్నాడు. జైసల్మేరు పక్క ఇసుకలో తొమ్మిదేళ్ళు బండి తోలినాడంట. అక్కడ దీన్ని ఆంధీ అంటారంట. దేశంలో జైసల్మేరు తరవాత తక్కువ వాన మన జిల్లాకే అంటారు కదా, ఆ రెండు తావులూ చూసిన మనిషి ఆ రోజు నా వెనక సీట్లో కూర్చోవడం నా అదృష్టం.

ఆర్పినాను. కంబగిరి ముఖానికి తువ్వాలు చుట్టుకొని, బస్సు రేకు పట్టుకుంటా ముందరి లారీ కాడికి పోయి చెప్పి వచ్చినాడు. వాడు వినలేదు. సగం బండి తారు మీద ఉండగా లైట్లు ఆర్పితే సస్తామన్నాడంట. ఒక రకంగా వాడి మాటా నిజమే. ఆర్పమన్నది రోడ్డు దిగినవాడికి. దిగకుండా ఆర్పితే ఇంకా అన్యాయం. వాడు దిగాల, దిగినాక ఆర్పాల. వాడికి దిగడం ఇష్టం లేదు, మట్టిలో టైరు దిగబడుతుందని భయం.

ఐదు నిమిషాలు కాలేదు, వెనకనుంచి ట్యాంకరు హారను. మా పక్కనుంచే పోయింది. చక్రాల గాలికి బస్సు ఊగింది. మమ్మల్ని వాడు చూడనేలేదు, నేరుగా తారు మీద పోయినాడు. పోయి ఆ లారీ లైట్లు చూసి చివర్లో తిప్పినాడు. రేకు చీరుకున్న చప్పుడు. ప్రాణాలు పోలేదు, లారీ కుడి పక్క డాలా మొత్తం వంగిపోయింది. బస్సులో ఎవరూ మాట్లాడలేదు. పెద్దాయన కూడా.

ఇంకో ఇరవై నిమిషాలు అట్లాగే కూర్చున్నాము. అద్దాలు సగం దిగవు, సగం ఎక్కవు. విరిగినచోట అట్టలు పెట్టి ఉన్నాయి, గాలికి అవి ఎగిరిపోయినాయి. కిటికీల పక్కనున్నవాళ్ళను మధ్యలోకి జరిపి కింద కూర్చోబెట్టినాము. నోట్లో, పండ్ల మధ్య, చెవుల్లో మట్టి. బిడ్డ ఏడుపు మానేసి దగ్గడం మొదలుపెట్టింది. అప్పుడు ఆ గుడ్డల వ్యాపారి, అంతసేపూ "మూట, మూట" అన్నాయన, తనే ముడి విప్పినాడు. కంబగిరి దగ్గరున్న నీళ్ళ క్యానులో తువ్వాళ్ళు తడిపి పిండి, మనిషికొకటి ముక్కుకు కట్టించినారు. బిడ్డ తల్లిని ఇంజను పక్క కింద కూర్చోబెట్టి, మీద తడి తువ్వాలు గుడారం మాదిరి పట్టుకున్నారు ఇద్దరు ఆడోళ్ళు. బిడ్డ ముక్కు మీద వెయ్యొద్దు, ఊపిరి ఆడదు, ఎడంగా పట్టుకోండి అని మామిడిపండ్ల అవ్వ అరుస్తానే ఉంది.

పరీక్ష పిలగాడు మాత్రం దిగి నడిచిపోతానన్నాడు. పామిడి దగ్గరే కదా, అక్కడ వేరే బండి పట్టుకుంటానని. వాకిలికి అడ్డం నిలబడినాను. "నీకు రోడ్డు కనపడదు, రోడ్డు మీద పోయేవానికి నువ్వు కనపడవు" అని గట్టిగానే అన్నాను. తిట్టినాడు. పడినాను.

తరవాత చినుకు. నీళ్ళ చినుకు కాదు, బురద చినుకు. అద్దం మీద పడి ఎర్రగా కారింది. వైపరు వెయ్యబోతే పెద్దాయన మళ్ళీ చెయ్యి పట్టుకున్నాడు. ఎండు దుమ్ము మీద వైపరు తిప్పితే గీతలు పడతాయి, వాన కడగనీ అన్నాడు. పది నిమిషాలు గట్టి వాన, ఆ వెంటనే ఏమీ జరగనట్టు తేటగా ఆకాశం. నేల వాసన. చూస్తే మా ముందర నూరు గజాల్లో పెద్ద చింతచెట్టు వేళ్ళతో సహా రోడ్డుకు అడ్డం పడి ఉంది, కరెంటు తీగలు దాని మీద. వాటి జోలికి ఎవరూ పోకుండా కంబగిరి టికెట్ల పెట్టె పట్టుకుని కాపలా నిలబడినాడు. అట్లా నిలిచిపోయినాము. ముందు పక్క ఒక మైలు బండ్లు, వెనక పక్క ఒక మైలు.

పక్క పల్లెవాళ్ళు గొడ్డండ్లు తీసుకొని వచ్చినారు గానీ, కరెంటోళ్ళు వచ్చి లైను ఆపినామని చెప్పేదాకా చెట్టును ముట్టుకోలేదు. అదే మంచిదైంది. ఆలోగా వాళ్ళే బిందెలతో నీళ్ళు మోసినారు. అవ్వ గంప మధ్యలో పెట్టి, దొర్లినవి తినండి, మంచివి అమ్ముకోవాల అని చెప్పి, కాసేపటికి మంచివీ పంచేసింది. వ్యాపారి తువ్వాళ్ళ లెక్క కంబగిరి టికెట్ల లెక్క రాసే ఎస్సార్ కాగితం వెనకాల రాసి, మనిషికి ఇంత అని వసూలు చేసి ఇచ్చినాడు. నాలుగు తక్కువ వచ్చినాయి. ఆ నాలుగింటిలో ఒకటి మనింట్లో చాలా రోజులు ఉండింది, నీలం గళ్ళది, నువ్వు దాన్ని జెండా చేసుకొని తిరిగేవాడివి.

బండి స్టార్టయింది గానీ లాగలేదు, నల్లపొగ. ఎయిర్ క్లీనరు కింద గిన్నె విప్పితే ఆయిలు ఎర్ర బురద అయి ఉంది. దాన్ని పారబోసి, తుడిచి, లారీవాడి దగ్గర ఆయిలు అడుక్కొని పోసినాను. వంగిన డాలా లారీవాడే ఇచ్చినాడు, పాపం. రాత్రి తొమ్మిదిన్నరకు చెట్టు సగం తెగింది, ఒక్కో బండిని వదిలినారు.

చూడు, ఊరికే రొంత రాస్తానని ఎంత రాసినానో. మీ అమ్మ చూసి "అదే కథ మళ్ళీనా" అంటోంది. ఈ కథ నీకు నేను ఎప్పుడూ ఇంత పూర్తిగా చెప్పలేదు.

మీ పక్క దుమ్ము వేరే జాతి. అది మబ్బు కింది గాలి కాదు, ఉత్తరం నుంచి ఇరాకు ఎండు నేలల మీదుగా వచ్చే గాలంట. శమాల్ అంటే ఉత్తరమనే అర్థమని నువ్వే చెప్పినావు. మాది అరగంట, ఎక్కువంటే గంట. అందుకే పక్కకు తీసి కూర్చుంటే తేలిపోయింది. మీది ఒక్కోసారి పొద్దంతా, రెండో రోజు కూడా. పైగా ముఖానికి రాసుకునే పౌడరంత సన్నం, తొందరగా కిందికి దిగదు. కాబట్టి తేలిపోతుందిలే అని రోడ్డు పక్కన కూర్చోవడం మీకు పనికిరాదు. దుమ్ము వస్తుందని మీ వాతావరణం వాళ్ళు చెప్పిన రోజు క్యాంపు నుంచే బండి తియ్యకు. సూపర్‌వైజరు అరిస్తే అరవనీ. దారిలో పట్టుకుంటే పెట్రోలు బంకులోకో, గోడ ఉన్న తావుకో పోయి ఆగు. అదీ లేకపోతే రోడ్డు దిగు. నీది కుడి పక్క, మరచిపోవద్దు. దిగేటప్పుడు మరీ లోపలికి పోవద్దు, ఆ ఇసుక మెత్తన, చక్రం తిన్నదంటే క్రేను రావాల. దిగినాక అన్ని లైట్లూ ఆర్పు, ఆ టిక్కు టిక్కుమని ఆరి వెలిగేవి కూడా. జనాన్ని దిగనియ్యకు, బెల్టులుంటే పెట్టుకొమ్మను. దిగడానికి తావే లేకపోతే మాత్రం లైట్లు వేసే ఉంచి, గీత చూసుకుంటా, హారను కొడతా, మనిషి నడిచినంత మెల్లగా పో, తావు దొరికేదాకా. అంతే. ఫిల్టరు దులిపేటప్పుడు గాలి లోపలనుంచి బయటికి కొట్టు, బయటనుంచి కొడితే దుమ్ము ఇంకా లోపలికి దిగుతుంది. ఇదీ నీకు తెలుసు.

చెట్ల కింద, పాత గోడల పక్కన నిలబడకు అని కూడా రాద్దామనుకున్నాను, మీకక్కడ చెట్లు యాడివి. కానీ గోడలుంటాయి కదా. 2018 మే 2 రాత్రి ఉత్తరప్రదేశ్, రాజస్థాన్ పక్క దుమ్ముగాలి వచ్చి నూరు మందికి పైన పోయినారు, పేపరులో చదివినాను. ఎక్కువమంది గోడలు, చెట్లు మీద పడి పోయినవాళ్ళే. నిద్రలో ఉన్నవాళ్ళు. నీ మంచం ఏ గోడ పక్కనుందో చూసుకో. రేకుల షెడ్డు అయితే రేకు బిగింపులు చూడు.

తడి గుడ్డ మన ఎర్రమట్టికి సరిపోయింది గానీ మీ సన్న దుమ్ముకు చాలదంట, మెడికల్ షాపు అబ్బాయి చెప్పినాడు. వాడి దగ్గరే గట్టి మాస్కులు పది కొని పెట్టినాను. ముక్కు మీద ఇనుప పట్టీ ఉంటుంది, దాన్ని నొక్కాల. గడ్డం ఉంటే సరిగ్గా అంటదంట, గడ్డం తీసెయ్. నీ పీల్చే మందు రెండు డబ్బాలు పెట్టినాను. ఒకటి బండిలో పెట్టుకునేవు, ఎండకు బండిలో పెట్టకూడదంట, జేబులో పెట్టుకో.

ఆ రాత్రి సంగతి ఒకటి మిగిలింది. పామిడిలో పదిహేను నిమిషాలు ఆపినాను. ఎస్‌టీడీ బూతు కాడ జనం వరస కట్టినారు, ఇండ్లకు చెప్పుకునేదానికి. పరీక్ష పిలగాడు కూడా ముందర నిలబడినాడు. నేను టీ తాగినాను. పక్కింటి మాస్టారి ఫోను నెంబరు నాకు నోటికొచ్చు. ఇంకో గంటలో పోతాం కదా, రూపాయి ఎందుకు అనుకున్నాను. పదకొండు దాటి ఇంటికి వచ్చేసరికి ఊళ్ళో కరెంటు లేదు. అరుగు మీద లాంతరు పెట్టుకొని మీ అమ్మ కూర్చుని ఉంది. నువ్వు ఆమె తొడ మీద తల పెట్టి నిద్రపోతున్నావు. అనంతపురం బండి గుద్దుకుందని ఎవరో సాయంత్రం ఆరుకే బజారులో అన్నారంట. బస్సు సంగతి, చెట్టు సంగతి, పెద్దాయన సంగతి అంతా ఉత్సాహంగా చెప్పబోయినాను. అన్నం పెట్టింది, తిన్నాను. మూడు రోజులు నాతో మాట్లాడలేదు. ఎందుకు మాట్లాడలేదో అప్పుడు నాకు అర్థం కాలేదు, టీ తాగిన సంగతి ఆమెకు చెప్పకపోవడమే మంచిదైందనుకున్నాను.

మొన్నటి నుంచి రాత్రిళ్ళు లోపల ఉక్కగా ఉందని అరుగు మీదే పడుకుంటున్నాను. ఫోను పక్కనే ఉంటుంది. ఛార్జీ ఉందో లేదో చూసుకునేదానికి రెండు మూడు సార్లు లేస్తాను. మీ అమ్మ లోపలనుంచి "పడిందా?" అంటుంది. "కొమ్మ కొట్టించినాం కదా, ఇంకేం పడుతుంది" అంటాను.

ఖాజా కొడుకు శనివారం పొద్దున నీ క్యాంపుకు వస్తానన్నాడు. వానితో మాట్లాడు, వాని ఫోనులోనైనా సరే, మాట్లాడకపోయినా మిస్డ్ కాల్ ఇచ్చినా చాలు. ఇక్కడికీ అక్కడికీ రెండున్నర గంటల తేడా, అర్ధరాత్రి అని చూడొద్దు.

ఊరగాయ సీసా కవర్లు ఒకేసారి కత్తితో కొయ్యకు, దారం విప్పు. నూనె తేరకపోతే రొంత కాచి చల్లార్చి పొయ్యి. లుంగీ ముక్క పారెయ్యకు, బండి అద్దానికి పనికొస్తుంది.

ఇట్లు,
మీ నాయన

కింద మీ అమ్మ రాయమంటోంది: గడ్డం తీసేదాకా మాస్కు కట్టొద్దనుకుంటావేమో, ముందు మాస్కు కట్టుకో, గడ్డం తరవాత.